చదరపు మీటరుకు సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ ఎంత పడుతుంది? బస్తాలు ముందే సరిగ్గా లెక్కగట్టే పద్ధతి

సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ అంటే నీళ్ళు కలిపి పోస్తే నేల మీద తనంతట తానే పరచుకుని మట్టమయ్యే పొడి. దాని బస్తా మీద 'చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి 1.7 కిలోలు' అని రాసి ఉంటుంది. గది 12 చదరపు మీటర్లు, వేయాల్సిన మందం 3 మిల్లీమీటర్లు అనుకుని గుణిస్తే 61 కిలోలు వస్తుంది. 25 కిలోల బస్తాలు మూడు తెచ్చుకుంటే సరిపోవాలి. తీరా పోసేసరికి ఆ మూడు బస్తాలూ గది నడుమ పల్లంలోకే జారిపోతాయి, గోడల పక్కన నేల అలాగే మిగిలిపోతుంది. ఇలా జరిగినప్పుడు చాలామంది బస్తా మీది అంకెను అనుమానిస్తారు. కానీ తప్పు 1.7లో లేదు, 3లో ఉంది. 3 మిల్లీమీటర్లు అనేది నేలలో అన్నిటికంటే ఎత్తైన చోట ఉండాల్సిన కనీస మందం. సరుకు పట్టేది మాత్రం నేల మొత్తం మీది సగటు మందాన్ని బట్టి. ఆ సగటును పట్టుకోవడమే ఈ పనిలో అసలు లెక్క. కింద చెప్పేదంతా దాని గురించే.

1. ముందు లీటర్లలో ఆలోచించండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందాన ఏ ద్రవం పోసినా అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా తేలిక. 12 చదరపు మీటర్ల నేల మీద సగటున 5 మిల్లీమీటర్లు కావాలంటే 60 లీటర్ల తడి మిశ్రమం కావాలి. ఇక తేలాల్సింది ఒక లీటరు తడి మిశ్రమంలో ఎన్ని కిలోల పొడి ఉంటుందన్నదే. బస్తా మీద రాసిన 1.7 అదే.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి చూద్దాం. 25 కిలోల పొడికి 5.5 లీటర్ల నీళ్ళు కలిపితే మొత్తం బరువు 30.5 కిలోలు. సిమెంటు ఆధారంగా చేసిన మామూలు రకం మిశ్రమం లీటరుకు సుమారు 2.05 కిలోలు తూగుతుంది. 30.5ను 2.05తో భాగిస్తే 14.9 లీటర్లు. అంటే ఒక బస్తా పొడి దాదాపు 15 లీటర్ల మిశ్రమం ఇస్తుంది. 25ను 14.9తో భాగిస్తే లీటరుకు 1.68 కిలోలు. తయారీదారులు దాన్నే 1.7 అని రాస్తారు.

రకాన్ని బట్టి ఈ అంకె 1.5 నుంచి 1.8 దాకా మారుతుంది. తేలికైన ఫిల్లర్లు కలిపిన రకాలకు ఇంకా తగ్గుతుంది. అందుకే ఒక కంపెనీ అంకె పట్టుకుని మరో కంపెనీ బస్తాలు లెక్కగట్టకండి. కొన్నిచోట్ల డేటా షీట్‌లో 2 లేదా 2.1 అని కనిపిస్తుంది. అలా ఉంటే అది పొడి బరువా, నీళ్ళు కలిపిన మిశ్రమం బరువా అని తప్పకుండా చూడండి. నీళ్ళతో కలిపిన బరువును పొడి బరువనుకుంటే అయిదో వంతు సరుకు అదనంగా కొంటారు.

అనుమానం తీరకపోతే మీరే పరీక్షించుకోవచ్చు. 2 కిలోల పొడి తూచి, బస్తా మీద చెప్పిన నిష్పత్తిలోనే నీళ్ళు పోయండి. 25 కిలోలకు 5.5 లీటర్లంటే 2 కిలోలకు 440 మిల్లీలీటర్లు. బాగా కలిపి, గాలి బుడగలు పోయాక, ముందే తూచి పెట్టుకున్న ఒక లీటరు పాత్రను అంచు దాకా నింపి తూచండి. పాత్ర బరువు తీసేయగా వచ్చినదాన్ని 1.22తో భాగించండి. 1.22 అంటే ఒక కిలో పొడికి కలిసిన 0.22 కిలోల నీళ్ళతో సహా బరువు. మిశ్రమం 2.05 కిలోలు తూగితే జవాబు 1.68. ఇది పది నిమిషాల పని. పెద్ద హాలుకు యాభై బస్తాలు ఆర్డర్ పెట్టే ముందైతే మానకూడని పని.

గదులను అడుగుల్లో కొలిచే అలవాటుంటే ఇంకొక అంకె గుర్తుపెట్టుకోండి. 100 చదరపు అడుగులంటే 9.3 చదరపు మీటర్లు. కాబట్టి 100 చదరపు అడుగుల మీద ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 16 కిలోల పొడి పడుతుంది. ఒక బస్తాతో 100 చదరపు అడుగుల మీద ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన మాత్రమే లేస్తుంది.

2. నేల మట్టాన్ని గళ్ళు గీసి కొలవండి

నేల ఊడ్చి, ఊడొచ్చే పాత సిమెంటు పెచ్చులు, పెయింటు, జిగురు గీకేసిన తర్వాతే కొలవండి. వాటి మీద కొలిస్తే మీరు కొలిచింది తర్వాత ఉండని నేలను.

సుద్దతో నేల మీద రెండు వైపులా గీతలు గీసి సుమారు మీటరుకొక గళ్ళు వేయండి. గీతలు గోడ అంచు నుంచే మొదలవ్వాలి, అవతలి గోడ అంచు దగ్గరే ముగియాలి. గది పొడవు 4.4 మీటర్లైతే మీటరు గళ్ళు వేసి చివర 40 సెంటీమీటర్ల ముక్క వదలకండి. నాలుగు సమభాగాలు చేసి 1.1 మీటర్ల గళ్ళు పెట్టుకోండి. గళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటేనే తర్వాతి లెక్క సులువవుతుంది.

లేజర్ లెవెల్‌ను గది మధ్యలో, కదలని చోట నిలబెట్టండి. గీతలు కలిసే ప్రతి చోటా స్టీలు స్కేలునో, అంకెలున్న లెవెల్ కర్రనో నిట్టనిలువుగా పెట్టి, లేజర్ గీత ఏ అంకె మీద పడుతోందో రాసుకోండి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. అంకె చిన్నదైతే ఆ చోట నేల ఎత్తు, అంకె పెద్దదైతే పల్లం. మామూలు టేపు కింది కొక్కెం కాస్త ఆడుతుంటుంది కాబట్టి దాన్ని నేలకు ఆనించి కొలిస్తే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోవచ్చు. 12 చదరపు మీటర్ల గదిలో ఒక మిల్లీమీటరు అంటే దాదాపు ఒక బస్తా.

లేజర్‌ను నమ్మే ముందు ఒకసారి పరీక్షించండి. ఒక గోడ మీద గీత పడిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, లేజర్‌ను ఉన్న చోటే అర చుట్టు తిప్పి, అవతలి వైపు గీత అదే గుర్తు మీద పడుతుందో లేదో చూడండి. తేడా కనిపిస్తే దానితో కొలవకండి. లేజర్ లేకపోతే నీళ్ళు నింపిన పారదర్శక గొట్టంతో మట్టం చూసే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. గొట్టంలో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు, చదివే ముందు నీళ్ళు కదలడం ఆగాలి.

3. సగటు మందం తీయండి

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిని తీసుకుందాం. మీటరు గళ్ళు వేస్తే అయిదు వరసల్లో వరసకు నాలుగు చొప్పున 20 చోట్ల కొలత వస్తుంది. లేజర్ గీత నుంచి నేల దాకా దూరాలు మిల్లీమీటర్లలో ఇలా ఉన్నాయి:

```
1003  1005  1006  1004
1006  1010  1011  1007
1008  1013  1014  1009
1006  1011  1012  1007
1002  1006  1007  1004
```

అన్నిటికంటే చిన్న అంకె 1002, చివరి వరసలో మొదటి మూల. అంటే నేలలో అదే అత్యంత ఎత్తైన చోటు. తీసుకున్న సరుకుకు డేటా షీట్‌లో కనీస మందం 3 మిల్లీమీటర్లు అని ఉందనుకుందాం. అప్పుడు పూర్తయిన నేల పైమట్టం లేజర్ గీతకు 999 మిల్లీమీటర్ల దిగువన రావాలి. ప్రతి అంకెలోంచి 999 తీసేస్తే ఆయా చోట్ల పడాల్సిన మందం వస్తుంది:

```
4   6   7   5
7  11  12   8
9  14  15  10
7  12  13   8
3   7   8   5
```

ఇప్పుడు ఈ ఇరవై అంకెలను కూడి ఇరవైతో భాగించాలనిపిస్తుంది. అలా చేస్తే 8.55 మిల్లీమీటర్లు వస్తుంది, కానీ అది తప్పు. గది నడుమ ఉన్న చోటు తన చుట్టూ ఉన్న నాలుగు గళ్ళకూ ప్రతినిధి. గోడ వెంట ఉన్న చోటు రెండు గళ్ళకే. మూలలో ఉన్నది ఒక్క గడికే. అన్నిటికీ సమానమైన విలువ ఇస్తే గోడల పక్క మందానికి లేని ప్రాముఖ్యం వచ్చేస్తుంది. ఈ గదిలోలాగా నడుమ దిగబడి అంచుల్లో ఎత్తుగా ఉన్న నేలకు అప్పుడు లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

సరైన పద్ధతి ఇది. నాలుగు మూలల అంకెలు కూడి నాలుగో వంతు తీసుకోండి: 4, 5, 3, 5 కలిపితే 17, అందులో నాలుగో వంతు 4.25. మూలలు వదిలేసి గోడల వెంట ఉన్న అంకెలన్నీ కూడి సగం తీసుకోండి: ఈ గదిలో అవి 77, సగం 38.5. లోపలి ఆరు అంకెలను పూర్తిగా తీసుకోండి: 11, 12, 14, 15, 12, 13 కలిపితే 77. మూడూ కూడి ఒక గడి విస్తీర్ణంతో గుణిస్తే నేరుగా లీటర్లు వస్తాయి:

```
4.25 + 38.5 + 77 = 119.75
119.75 × 1 = 119.75 లీటర్లు
```

మన గడి సరిగ్గా ఒక చదరపు మీటరు కాబట్టి ఒకటితో గుణించాం. 1.1 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గడులైతే 1.1తో గుణించాలి. 119.75ను 12 చదరపు మీటర్లతో భాగిస్తే అసలు సగటు మందం దాదాపు 10 మిల్లీమీటర్లు. మొదట అనుకున్న 3కు ఇది మూడు రెట్లు దాటింది. అంకెలన్నీ మామూలుగా సగటు తీసిన లెక్కతో పోల్చినా 17 లీటర్ల తేడా, అంటే ఒక బస్తా కంటే ఎక్కువ.

ఎత్తైన చోటి మందం, పల్లమైన చోటి మందం కూడి సగం చేసే దగ్గరిదారి కూడా ఉంది. ఇక్కడ 3, 15 కలిపి సగం చేస్తే 9. ధర మాటల్లో అడిగినప్పుడు చెప్పడానికి అది చాలు, బస్తాలు తెప్పించడానికి చాలదు. నేల ఒక వైపుకు ఏకరీతిగా వాలి ఉంటే ఆ దగ్గరిదారి సరిగ్గానే పనిచేస్తుంది. గిన్నెలా గుంటపడిన నేలకు తక్కువ చూపిస్తుంది, ఒకే ఒక్క మిట్ట మీదో గుంట మీదో ఆధారపడితే పూర్తిగా దారి తప్పిస్తుంది.

4. కిలోలు, బస్తాలు

119.75 లీటర్లను 1.7తో గుణిస్తే 204 కిలోలు. దీనికి తరుగు కలపాలి. బకెట్లకూ మిక్సర్ రెక్కలకూ అంటుకుని పోయేది కొంత. గ్రైండింగ్ చేసిన కాంక్రీటు గరుకు లోయల్లోకి దిగేది కొంత. స్కేలు ఆనేది గరుకు శిఖరాల మీద కాబట్టి మీ కొలతలో ఆ లోయలు కనిపించవు. నున్నటి నేలకు 5 శాతం, గరుకు నేలకు 10 శాతం కలపండి. ఈ గదికి 7 శాతం వేసుకుంటే 218 కిలోలు, అంటే 9 బస్తాలు. తొమ్మిది బస్తాల్లో 225 కిలోలు ఉంటాయి, మిగిలేది 7 కిలోలే. అంత సన్నని మిగులుతో పని మొదలుపెట్టకూడదు. పదోది తెచ్చి విప్పకుండా పక్కన పెట్టండి.

ఇక్కడే డేటా షీట్‌లో ఇంకొక అంకె చూడాలి. అది గరిష్ఠ మందం. సగటు 10 అయినా ఈ గదిలో ఒక చోట 15 మిల్లీమీటర్లు పడుతోంది. ఒకే పొరలో 10 మిల్లీమీటర్లకు మించి వేయకూడదని రాసిన రకం ఈ నేలకు పనికిరాదు. మందంగా పోస్తే ఆ చోట ఎండేటప్పుడు ఎక్కువ కుంచించుకుని పగుళ్ళు వస్తాయి, లేదా కింది నుంచి అంచులు లేస్తాయి. 20 లేదా 30 మిల్లీమీటర్ల దాకా అనుమతించే రకం తీసుకోండి. లేదంటే నడుమ పల్లాన్ని ముందుగా రిపేర్ మోర్టార్‌తో నింపి, ఎండాక మళ్ళీ కొలిచి కొత్తగా లెక్కగట్టండి.

కొన్ని రకాలకు మందం ఎక్కువైనప్పుడు ఎండిన, శుభ్రమైన ఇసుక కలపవచ్చని డేటా షీట్ చెబుతుంది. పొడి బరువులో 30 శాతం కలిపితే బస్తాకు 7.5 కిలోలు. ఆ ఇసుక తన రేణువుల పరిమాణం మేరకు సుమారు 2.8 లీటర్లు చేరుస్తుంది. 14.9 లీటర్లు 17.7 అవుతాయి, పొడి ఖర్చు లీటరుకు 1.7 నుంచి 1.4కు దిగుతుంది. అయితే ఇసుక రేణువు ఎంత ఉండాలి, ఏ మందం నుంచి కలపాలి అన్నది ఆ కంపెనీ చెప్పినట్టే ఉండాలి. చెప్పని రకంలో సొంతంగా ఇసుక కలిపితే రేణువులు అడుక్కు దిగి, పైన పలచటి బలహీనమైన పొర మిగులుతుంది.

5. ఆర్డర్ పెట్టే ముందు మిట్టల వైపు చూడండి

సరుకు ఆదా చేసే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే ఉంది, అందుకే దీని మీద కాస్త సమయం పెట్టమంటున్నాను. నేల మొత్తం మట్టాన్ని నిర్ణయించేది ఒకే ఒక్క ఎత్తైన చోటు. ఆ మిట్టను ఒక మిల్లీమీటరు తగ్గిస్తే గది మొత్తం మీద ఒక మిల్లీమీటరు తగ్గుతుంది.

పై పట్టికలో 1002 ఒకే మూలలో ఉంది, 1003 ఇంకొక మూలలో ఉంది. ఆ తర్వాతి అంకె 1004. మొదటి మూలను 2 మిల్లీమీటర్లు, రెండో మూలను 1 మిల్లీమీటరు గ్రైండర్‌తో అరగదీస్తే నేలలో అత్యంత ఎత్తైన అంకె 1004 అవుతుంది. పూర్తయిన మట్టం 999 నుంచి 1001కి దిగుతుంది. ఆ రెండు మూలల్లో తప్ప మిగతా అన్ని చోట్లా మందం 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. లెక్కగడితే 23 లీటర్లు, అంటే 39 కిలోల పొడి మిగులుతుంది. తొమ్మిది బస్తాల పని ఏడు దగ్గరికి వస్తుంది.

ఈ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్ళి 1004 ఉన్న చోట్లను కూడా అరగదీయవచ్చా? చేయవచ్చు గానీ లాభం త్వరగా పడిపోతుంది. ప్రతి మిల్లీమీటరుకూ అరగదీయాల్సిన చోట్లు పెరుగుతాయి, దక్కేది అదే 12 లీటర్లు. ఒకటి రెండు మిట్టలే మిగతా నేలను పైకి లేపుతున్నప్పుడు గ్రైండింగ్ తప్పకుండా గిట్టుబాటవుతుంది. ఎత్తు గది సగం మేర పరచుకుని ఉంటే కాదు. కాంక్రీటు అరగదీసేటప్పుడు సన్నటి సిలికా దుమ్ము లేస్తుంది. దుమ్ము లాగే వాక్యూమ్ బిగించిన గ్రైండర్, ముఖానికి సరైన మాస్కు లేకుండా ఆ పని చేయకండి. అరగదీశాక ఆ చోట్ల మళ్ళీ కొలిచి, అసలు అంకెతోనే లెక్క ముగించండి.

6. పోయకముందే సరుకు జారిపోయే దారులు మూయండి

లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మిశ్రమం నీళ్ళలాంటిది, చిన్న సందు దొరికినా కిందికి వెళ్ళిపోతుంది. గోడకూ నేలకూ మధ్య చీలిక, పైపులు దిగిన రంధ్రాల చుట్టూ ఖాళీ, నేలలో పగుళ్ళు, చెక్క నేలైతే పలకల మధ్య సందులు చూసుకుని ముందే మోర్టార్‌తోనో సీలెంట్‌తోనో మూసేయండి. గోడల చుట్టూ ఫోమ్ పట్టీ అంటించండి. అది వ్యాకోచానికీ పనికొస్తుంది, అంచుల నుంచి జారడాన్నీ ఆపుతుంది. గుమ్మం దగ్గర అడ్డు కట్టండి. లేకపోతే పక్క గదిలో పల్లం ఉంటే మీ సరుకు అక్కడికి నడిచి వెళ్తుంది.

ప్రైమర్ సంగతి కూడా ఖర్చుకు సంబంధించినదే. నేల మీద నీటి చుక్క వేసి చూడండి. అది వెంటనే ఇంకిపోతే ఆ కాంక్రీటు మిశ్రమంలోని నీళ్ళను కూడా అలాగే పీలుస్తుంది. అప్పుడు మిశ్రమం పారదు, పోసిన చోటే గట్టిపడి మందంగా నిలుస్తుంది. దాన్ని లాగడానికి ఇంకా పోస్తారు, సగటు పెరుగుతుంది. నేలలోంచి బయటికి వచ్చే గాలి పైపొరలో గుండుసూది రంధ్రాలు వదులుతుంది. ప్రైమర్ ఒక పూత ఇంకిపోతే రెండో పూత వేయండి. గుంటల్లో ప్రైమర్ మడుగు కట్టి నిలవకూడదు, పోసే సమయానికి అది డేటా షీట్ చెప్పినంత ఆరి ఉండాలి.

7. నీళ్ళు కొలిచి పోయండి, పోస్తూ సరిచూసుకోండి

సరుకు చాలదేమోనన్న భయం మొదలయ్యాక మొదట జరిగే తప్పు నీళ్ళు పెంచడం. బస్తాకు ఒక లీటరు అదనంగా పోస్తే 14.9 లీటర్లు 15.9 అవుతాయి, ఎక్కువ వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ ఆ నీళ్ళు పైకి తేలతాయి, బరువైన రేణువులు అడుక్కు దిగుతాయి, పైపొర ఎండాక సుద్దలా రాలుతుంది. వేలితో రుద్దితే తెల్లటి పొడి వస్తే, తాళంచెవితో గీస్తే లోతుగా గాడి పడితే అదే కారణం. ఆ పొర మీద అంటించిన టైలు, వినైల్ పొరతో సహా ఊడి వస్తాయి. నీళ్ళు తగ్గించినా నష్టమే, మిశ్రమం పారకుండా గుట్టగా నిలుస్తుంది. అందుకే బకెట్టుకు గీత పెట్టుకుని, ప్రతి బస్తాకూ ఒకే కొలత పోయండి. ముందు నీళ్ళు, తర్వాత పొడి. తక్కువ వేగపు మిక్సర్‌తో రెండు మూడు నిమిషాలు కలిపి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ కాస్త తిప్పండి.

కలిపింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 30 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న గొట్టం ముక్కను గాజు పలక మీద నిలబెట్టి, మిశ్రమంతో నింపి, నేరుగా పైకి ఎత్తండి. అది గుండ్రంగా పరచుకుంటుంది. ఆ వ్యాసం కొలిచి డేటా షీట్‌లో చెప్పినదానితో పోల్చండి. చెప్పి లేకపోయినా మొదటి బస్తా అంకె రాసుకుని, తర్వాతి బస్తాలు దానికి దగ్గరగా వస్తున్నాయో లేదో చూడండి. వృత్తం అంచున నీటి వలయం విడిగా కనిపిస్తే నీళ్ళు ఎక్కువైనట్టే.

చాలా రకాలు కలిపాక 15 నుంచి 30 నిమిషాల్లో పారడం మానేస్తాయి. ఒకే మిక్సర్‌తో బస్తాకు 5 నిమిషాలు పడితే తొమ్మిది బస్తాలకు 45 నిమిషాలు. అప్పటికి మొదట పోసిన అంచు గట్టిపడుతుంది, దాని పక్కన పోసింది కలవక గట్టులా నిలుస్తుంది. ఇద్దరు రెండు మిక్సర్లతో కలిపితే రెండున్నర నిమిషాలకొక బస్తా అందుతుంది, పాతిక నిమిషాల లోపు పని అయిపోతుంది. పోసేవారు, గాలి బుడగలు పోయేలా ముళ్ళున్న స్పైక్ రోలర్ తిప్పేవారు వేరే ఉండాలి.

లెక్క ప్రకారం నడుస్తోందో లేదో పోస్తుండగానే తెలియాలి. కొలిచిన చోట్లలో కొన్నిటి దగ్గర, పూర్తయిన మట్టానికి పై అంచు వచ్చేలా సర్దుకునే కాళ్ళున్న మట్టపు గుర్తులు పెట్టండి. లేదా పొడవు సరిచేసిన సన్నటి మేకులు నిలబెట్టండి. పోయడం అయ్యాక వాటిని తీసేసి రోలర్ తిప్పితే గుంట మూసుకుంటుంది. మన గది రెండు సగాలనూ విడిగా కూడితే ఒక సగానికి 58 లీటర్లు, ఇంకో సగానికి 61 లీటర్లు. తరుగుతో కలిపి సగానికి నాలుగున్నర బస్తాల లోపే పడాలి. మిశ్రమం కొంత అవతలి సగంలోకీ పారుతుంది కాబట్టి ఇక్కడ బస్తా పావువంతు దాకా తేడా మామూలే. అయిదో బస్తా ఖాళీ అయినా మొదటి సగం గుర్తులకు అందలేదంటే ఆగి చూడండి. ఎక్కడో సందులోంచి కిందికి పోతూ ఉండాలి, లేదా లేజర్ కొలతలో తప్పు దొర్లి ఉండాలి. సందు కనిపిస్తే వెంటనే గట్టిగా కలిపిన మిశ్రమం గుప్పెడు అక్కడ నొక్కండి.

అన్నీ చూసుకున్నా చివర్లో సరుకు చాలకపోతే ఉన్న కాస్తను గీకి పలచగా లాగకండి. కనీస మందం కంటే పలచనైన చోటు ఎండి పెచ్చులూడుతుంది. మిగిలిన చోటును అలాగే వదిలి, అంచును తాపీతో సన్నగా వాలుగా దిద్ది గట్టిపడనివ్వండి. తర్వాత మట్టం మళ్ళీ కొలిచి, మొత్తం మీద ప్రైమర్ వేసి, రెండో పొర పోయాలి. ఆ రెండో పొరకు కూడా 3 మిల్లీమీటర్ల కనీస మందం ఉంటుంది కాబట్టి ఈ గదికి 36 లీటర్లు, అంటే 61 కిలోలు, తరుగు కలిపితే దాదాపు మూడు బస్తాలు పడతాయి. మొదట ఒక్క బస్తా తగ్గినందుకు కట్టాల్సిన మూల్యం ఇది. నేల మట్టం కూడా మరో 3 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది కాబట్టి తలుపు కింద ఖాళీ చాలుతుందో లేదో ఆ పొర పోయకముందే కొలుచుకోండి.